బిజీగా ఉండే సీనియర్‌ని పదిహేను నిమిషాలు మాట్లాడమని అడిగే మొదటి మెసేజ్ ఎలా రాయాలి

నేను అనంతపురంలో ఇంజనీరింగ్ చదివి బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా కాలేజీ పిల్లల నుంచి నెలకు నాలుగైదు మెసేజ్‌లు వస్తుంటాయి. వాటిలో చాలావాటికి జవాబు ఇవ్వలేకపోయాను. ఇవ్వాలని లేక కాదు. రాత్రి తొమ్మిదిన్నరకు భోంచేసి ఫోన్ చేతిలోకి తీసుకుంటే "సార్, మీ గైడెన్స్ కావాలి, ఎప్పుడు ఫ్రీ?" అని ఉంటుంది. దేని గురించో తెలియదు, ఎంతసేపో తెలియదు. ఎప్పుడు ఫ్రీయో చెప్పాలంటే వారం మొత్తం తిరగేసి చూసుకోవాలి. రేపు చూద్దాంలే అని పక్కన పెడతాను. రేపటికి దాని మీద ఇంకో ముప్పై మెసేజ్‌లు వచ్చి పడతాయి.

అవతలివాళ్లు చేయాల్సిన ఆలోచనంతా మీరే ముందు చేసిపెట్టి, కాదనడానికి కూడా వాళ్లకు దారి వదిలితే జవాబు వచ్చే అవకాశం చాలా పెరుగుతుంది. అది ఎలా చేయాలో ఒక నిజమైన మెసేజ్ పట్టుకుని చెబుతాను.

మా పిన్ని కూతురు కడపలో ఈసీఈ ఫైనలియర్ చదువుతోంది. గేట్ రాసి ఎంటెక్‌కి వెళ్లాలా, లేక బెంగళూరులో ఆర్నెల్ల వెరిఫికేషన్ కోర్సులో చేరాలా అన్నది తన సందిగ్ధం. చిప్ తయారీకి పంపకముందే డిజైన్‌లో తప్పులున్నాయేమో పరీక్షించే పనిని వెరిఫికేషన్ అంటారు. అది వీఎల్‌ఎస్‌ఐలో, అంటే చిప్ డిజైన్ రంగంలో, ఒక భాగం. నాకు ఆ పని తెలియదు. మీ కాలేజీలోనే చదివి ఆ పనిలో ఉన్న సీనియర్ ఎవరినైనా అడుగు అన్నాను. ఓ గంటకు వాట్సాప్‌లో మెసేజ్ నమూనా పంపింది. "అన్నా, ఇట్ల రాసినా, పంపమంటావా?"

"గౌరవనీయులైన సార్ గారికి, మీ అమూల్యమైన సమయాన్ని వృథా చేస్తున్నందుకు క్షమించండి. నేను మీ కాలేజీ స్టూడెంట్‌ని. నాకు వీఎల్‌ఎస్‌ఐ అంటే చాలా ఇంట్రెస్ట్. మీ గైడెన్స్ కావాలి సార్. నేను ఎప్పుడైనా ఫ్రీనే, మీరు ఎప్పుడంటే అప్పుడు కాల్ చేస్తాను. కోర్సు ఫీజు కట్టాలి కాబట్టి దయచేసి రేపటిలోగా రిప్లై ఇవ్వండి. నా రెజ్యూమె కూడా పంపుతున్నాను, మీ కంపెనీలో ఏమైనా ఉంటే చూడండి సార్."

ఇందులో మర్యాదకు లోటు లేదు. కానీ చదివినాయన ఏం చేయాలో ఇందులో లేదు. పైగా ఫీజు గడువు ఆయన మెడకు చుట్టుకుంది, ఉద్యోగం కూడా ఆయన చేతిలో పెట్టినట్టయింది. దీన్ని ఇద్దరం కూర్చుని తిరగరాశాం.

మొదటి పని: ఎవరిని అడుగుతున్నారో చూసుకోండి

లింక్డ్‌ఇన్‌లో మీ కాలేజీ పేజీ తెరిస్తే Alumni అనే విభాగం ఉంటుంది. అందులో ఏ ఊళ్లో ఉన్నారు, ఎక్కడ పనిచేస్తున్నారు, ఏం చదివారు అన్నదాన్ని బట్టి వడపోసుకోవచ్చు. మా చెల్లెలు బెంగళూరు, ఈసీఈ అని పెట్టి, వెతికే చోట వెరిఫికేషన్ అని కొట్టింది. వచ్చినవాళ్లలో పెద్ద హోదాలో ఉన్నాయన్ని ఎంచుకోబోతుంటే ఆపాను. ఇరవై ఏళ్ల కిందట ఉద్యోగంలో చేరినాయనకు ఇవాళ కొత్తగా చేరేవాళ్ల మొదటి రెండేళ్లు ఎలా ఉంటాయో అంత దగ్గరగా తెలియకపోవచ్చు. ఐదు నుంచి పదేళ్ల అనుభవం ఉన్నవాళ్లయితే తాము చేరిన రోజులు మరిచిపోలేదు, కొత్తవాళ్లకు పని నేర్పుతూ కూడా ఉంటారు. అలాంటి ఒకరిని ఎంచుకుంది.

ఒకేసారి పదిమందికి ఒకే మెసేజ్ పంపకండి. ఒకే కాలేజీవాళ్లకు వాట్సాప్ గ్రూపులు ఉంటాయి, విషయం బయటపడుతుంది. ముందు ఒకరికో ఇద్దరికో రాసి, వారం పది రోజులు చూసి, తర్వాత ఇంకొకరికి వెళ్లండి.

రెండో పని: ఏమని పిలవాలి

మన కడప, కర్నూలు, అనంతపురం వైపు సీనియర్ అంటే నోట్లోంచి "అన్నా" అనే వస్తుంది. రెండు మూడేళ్ల తేడా ఉండి, క్యాంపస్‌లో చూసిన మనిషయితే అన్నా, అక్కా అని రాసినా ఏమీ కాదు, దగ్గరగానే ఉంటుంది. ముఖపరిచయం లేని, పదేళ్లు పెద్ద అయిన మనిషికి మొదటి మెసేజ్‌లో మాత్రం పేరు పక్కన "గారు" పెట్టండి. సార్, మేడమ్ అన్నా తప్పులేదు, అయితే ప్రతి వాక్యానికీ ఒక "సార్" తగిలించకండి. ఆయనే "అన్నా అను చాలు" అన్నాక మార్చుకోవచ్చు.

లింక్డ్‌ఇన్‌లో ఇంగ్లీషులో రాయాలా, తెలుగులోనా అని చాలామంది అడుగుతారు. ఇంగ్లీషులో మీకు చేయి తిరిగితే అందులోనే రాయండి. తడబడుతూ రాసే ఇంగ్లీషు కంటే చక్కటి తెలుగు మేలని నా అభిప్రాయం. భాష ఏదైనా మెసేజ్ కూర్పు ఒకటే.

మూడో పని: ఒక్క ప్రశ్నకు కుదించండి

"గైడెన్స్ కావాలి" అంటే ఎంతైనా కావచ్చు. అందుకే ఆ మాట చూస్తే భయమేస్తుంది, గంట పడుతుందేమో అనిపిస్తుంది. మా చెల్లెల్ని అడిగాను, "ఆయన ఫోన్ పెట్టేశాక నీకు ఏ ఒక్క విషయం తేలితే చాలు?" అని. కాసేపు ఆలోచించి, "ఈ పని నాకు నచ్చుతుందో లేదో డబ్బు కట్టకముందే ఎట్ల తెలుసుకోవాల" అంది. అదే ప్రశ్న. గేట్ మంచిదా కోర్సు మంచిదా అన్నది ఆయన తేల్చేది కాదు, ఇంట్లోవాళ్లతో కూర్చుని తను తేల్చుకోవాల్సింది. ఇంట్లోనే ఏం చేసి చూసుకుంటే ఆ పని సంగతి అర్థమవుతుందో మాత్రం ఆ పనిలో ఉన్న మనిషే చెప్పగలడు.

మీ ప్రశ్న సరిగ్గా ఉందో లేదో ఇలా పరీక్షించుకోండి. గూగుల్‌లో కొడితే జవాబు దొరికేదయితే అది తీసేయండి. వేరే రంగంలో ఉన్న సీనియర్ కూడా జవాబు చెప్పగలిగితే అదీ తీసేయండి. మిగిలింది అడగండి.

రెజ్యూమె ఇప్పుడు జతచేయకండి. అది కనిపించగానే మీరు అడిగింది మాట సాయం కాదు, ఉద్యోగం సిఫార్సు అనుకుంటారు. చేయలేనని చెప్పడం కష్టం కాబట్టి అసలు జవాబే ఇవ్వకుండా ఊరుకుంటారు.

నాలుగో పని: సమయం అడగడం

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

"నేను ఎప్పుడైనా ఫ్రీనే" అన్న మాట వినయంగానే ఉంటుంది. కానీ రోజు వెతికే పని మొత్తం అవతలివాళ్ల మీద పడుతుంది. దానికి పూర్తి వ్యతిరేకంగా కొందరు "గురువారం 7 గంటలకు కాల్ చేస్తాను సార్" అంటారు. అది హుకుం వేసినట్టు ఉంటుంది. ఈ రెండింటికీ మధ్యన ఉంది దారి. మీకు వీలయ్యే రెండు మూడు వ్యవధులు చెప్పండి. ఒక్కోటి గంట, గంటన్నర, వీలైతే ఇంకాస్త వెడల్పుగా ఉండాలి. మీరడిగేది పదిహేను నిమిషాలే కాబట్టి, అందులో ఏదో ఒక మూల పడుతుంది.

ఆ వ్యవధులు ఒకే రకంగా ఉండకూడదు. మూడూ పనిరోజుల రాత్రులే అయితే, రాత్రి పిల్లల్ని నిద్రపుచ్చే మనిషికి మూడూ పనికిరావు. ఒకటి పనిరోజు రాత్రి, ఒకటి శనివారం పొద్దున, ఇలా కలపండి. మొదటిది మెసేజ్ పంపిన రోజుకు కనీసం ఐదారు రోజుల తర్వాత ఉండాలి. రేపు, ఎల్లుండి అంటే తొందరపెట్టినట్టే. అలాగని నెల తర్వాత అంటే ఎవరికీ గుర్తుండదు. రెండు వారాల లోపల చాలు. వారం పేరుతో పాటు తేదీ కూడా వేయండి. "వచ్చే గురువారం" అంటే ఈ వారమా పై వారమా అన్న అనుమానం రాకూడదు.

బెంగళూరులో ఉండే మనవాళ్ల విషయంలో ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. అనంతపురానికి, బెంగళూరుకు మధ్య దూరం దాదాపు రెండు వందల కిలోమీటర్లు. శుక్రవారం రాత్రి బయల్దేరి ఇంటికొచ్చి, ఆదివారం సాయంత్రం తిరుగు ప్రయాణం కట్టేవాళ్లు చాలామంది. ఆ రెండు పూటలూ బస్సులోనో, రైల్లోనో, కారు నడుపుతూనో ఉంటారు. వాటిని వదిలేయండి.

"ఊరికి వచ్చినప్పుడు ఇంటికొచ్చి కలుస్తాను సార్" అని కూడా మొదటి మెసేజ్‌లో రాయకండి. నాకు ఒకసారి అలాగే జరిగింది. నెలన్నర తర్వాత ఇంటికెళ్లాను. ఆదివారం పొద్దున అమ్మ ఉగ్గాని, బజ్జి పెట్టి ఎదురుగా కూర్చుంది. అంతలో గేటు దగ్గర ఒక అబ్బాయి. ఎవరో చెబితే విని వచ్చాడు. మంచి పిల్లాడు, అడిగినవీ మంచి ప్రశ్నలే. గంటన్నర మాట్లాడి పంపించాను. తిరిగొచ్చేసరికి అమ్మ నా ప్లేటు మీద మూతపెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ అబ్బాయి ఫోన్‌లో పదిహేను నిమిషాలు అడిగుంటే బెంగళూరులోనే ఏదో ఒక రాత్రి సంతోషంగా మాట్లాడేవాణ్ని.

అమెరికాలో ఉన్నవాళ్లకు రాస్తే రెండు చోట్ల టైమూ మీరే లెక్కేసి రాయండి. డల్లాస్‌నే తీసుకోండి. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది, మిగతా చలికాలమంతా పదకొండున్నర గంటలు. మనకు శనివారం రాత్రి 8 అయితే వాళ్లకు వేసవిలో శనివారం పొద్దున 9.30, చలికాలంలో 8.30. ఊరికే "శనివారం రాత్రి" అని రాస్తే వాళ్ల శనివారం రాత్రి మనకు ఆదివారం పొద్దున అవుతుంది. ఇద్దరూ వేర్వేరు పూటల్లో ఎదురుచూస్తారు.

ఇక ఒత్తిడి లేకుండా ఉండాలంటే వ్యవధుల తర్వాత మూడు చిన్న మాటలు కావాలి. ఇవేవీ కుదరకపోతే మీకు వీలైన రోజు చెప్పండి అన్నది ఒకటి. ఫోన్‌కు బదులు రెండు లైన్లు రాసినా చాలు అన్నది రెండోది. దీని విలువ చాలామందికి తెలియదు. మాట్లాడే తీరిక లేకపోయినా బస్సులో కూర్చుని వాయిస్ మెసేజ్ పంపే తీరిక ఉంటుంది. ఇప్పుడు వీలుకాకపోయినా పర్వాలేదు అన్నది మూడోది. ఇది ఒక్కసారే అనండి. "మీరు బిజీ అని తెలుసు, ఇబ్బంది అయితే వద్దు, క్షమించండి" అని నాలుగుసార్లు అంటే చదివేవాళ్లే మీకు ధైర్యం చెప్పాల్సి వస్తుంది. అదీ ఒక బరువే.

మీ గడువు మెసేజ్‌లోకి రానివ్వకండి. ఫీజు ఎప్పుడు కట్టాలన్నది మీ లెక్క. గడువు నిజంగా దగ్గర పడితే ముందే రాయాల్సింది. వాళ్ల క్యాలెండర్‌కు మీటింగ్ ఇన్వైట్ పంపడం, టైము బుక్ చేసుకోమని లింక్ ఇవ్వడం కూడా ఇప్పుడే వద్దు. ఒప్పుకున్నాక, వాళ్లడిగితే పంపండి.

ఐదో పని: అన్నీ కలిపి రాయడం

మా చెల్లెలు నవంబరు 4, మంగళవారం సాయంత్రం పంపిన మెసేజ్ ఇది. పేరు ఉన్నచోట ఫలానా అని పెట్టాను.

"ఫలానా గారికి నమస్కారం. నేను మన కాలేజీలో ఈసీఈ ఫైనలియర్ చదువుతున్నాను. కాలేజీ పేజీలో మీ ప్రొఫైల్ చూశాను, ఎనిమిదేళ్లుగా వెరిఫికేషన్‌లో ఉన్నారని తెలిసి రాస్తున్నాను.

బెంగళూరులో ఆర్నెల్ల వెరిఫికేషన్ కోర్సులో చేరే ఆలోచన ఉంది. సిస్టమ్‌వెరిలాగ్ మొదలుపెట్టి నెలయింది. చేరేముందు ఇంట్లోనే ఏ పని చేసి చూస్తే ఇది నాకు సరిపడుతుందో లేదో తెలుస్తుంది? ఈ ఒక్క విషయం మీద పదిహేను నిమిషాలు ఫోన్‌లో మాట్లాడే వీలుంటుందా?

నవంబరు 11 మంగళవారం గానీ 13 గురువారం గానీ రాత్రి 8.30 నుంచి 10 మధ్య, లేదా 15 శనివారం పొద్దున 9 నుంచి 12 మధ్య నాకు వీలవుతుంది. ఇవి కుదరకపోతే మీకు వీలైన రోజు చెప్పండి, సర్దుకుంటాను. ఫోన్‌కు బదులు రెండు లైన్లు రాసినా, వాయిస్ మెసేజ్ పెట్టినా చాలు. ఈ నెల మీకు వీలుకాకపోయినా పర్వాలేదు."

ఫోన్ తెరను ఒక్కసారి జరిపితే అయిపోయేంతే ఉంది. అడిగిన విషయం మధ్యలో ఉంది, చివరిదాకా చదవకపోయినా అందుతుంది. సిస్టమ్‌వెరిలాగ్ అనేది వెరిఫికేషన్‌లో వాడే కంప్యూటర్ భాష. అది మొదలుపెట్టి "నెలయింది" అన్న ఒక్క మాట తను ఊరికే అడగడం లేదని చూపిస్తుంది. అంతకుమించి తన గురించి ఏమీ లేదు, పర్సంటేజీ లేదు, ఇంటి పరిస్థితి లేదు.

అయితే లింక్డ్‌ఇన్‌లో ముందు కనెక్ట్ అవ్వాలి, ఆ రిక్వెస్ట్‌తో పంపే నోట్‌కు ఉచిత అకౌంట్‌లో 200 అక్షరాలే ఇస్తారు. తెలుగులో గుణింతం గుర్తులు కూడా విడిగా లెక్కకొస్తాయి కాబట్టి ఇంకా తక్కువ పడుతుంది. పై మెసేజ్‌ను అందులో ఇరికించాలని చూడకండి. నోట్‌లో ఇంతే చాలు:

"నమస్కారం. నేను మన కాలేజీ ఈసీఈ ఫైనలియర్. వెరిఫికేషన్ కోర్సులో చేరేముందు ఒక సందేహం మిమ్మల్ని అడగాలని ఉంది. వీలైతే రిక్వెస్ట్ అంగీకరించండి, వివరంగా రాస్తాను."

అంగీకరించాక అదే రోజో మర్నాడో అసలు మెసేజ్ పంపండి. వాట్సాప్‌లో అయితే నంబరు ఎవరిచ్చారో మొదటి వాక్యంలోనే చెప్పండి, ఇచ్చినవాళ్ల అనుమతి తీసుకుని. "హాయ్ సార్" అని ఒకటి పంపి జవాబు కోసం కాచుకోవద్దు, మొత్తం ఒకే మెసేజ్‌గా వెళ్లాలి. రాత్రి పదిన్నర దాటాక పంపకండి. బ్యాంకులో ఉన్నవాళ్లకైతే మార్చి నెలాఖరు, ఆడిటింగ్‌లో ఉన్నవాళ్లకు రిటర్నుల గడువు రోజులు, ఇలా వాళ్ల వృత్తిలో ఊపిరాడని వారాలు ఏవో కనుక్కుని వాటిని తప్పించండి.

పంపాక

నీలం టిక్కులు పడి జవాబు రాకపోతే టెన్షన్ పడకండి. చదివి, తర్వాత రాద్దామని పెట్టుకున్నారని అర్థం. మీరిచ్చిన చివరి తేదీ దాటాక, ఒకే ఒక్కసారి గుర్తుచేయండి. "చూశారా సార్?", "రిప్లై ఇవ్వలేదు" లాంటివి కాకుండా, పాత తేదీలు అయిపోయాయి కాబట్టి కొత్తవి ఇవ్వండి:

"నమస్కారం. ఈ నెల మొదట్లో వెరిఫికేషన్ గురించి ఒక ప్రశ్న అడిగాను. ఇప్పుడు వీలైతే నవంబరు 25 మంగళవారం రాత్రి 8.30 తర్వాత గానీ, 29 శనివారం పొద్దున గానీ మాట్లాడగలను. కుదరకపోతే ఇబ్బంది లేదు, మళ్లీ గుర్తుచేయను."

చివర అన్నమాట నిలబెట్టుకోండి. దానికీ జవాబు రాకపోతే ఇంకో సీనియర్‌కు రాయండి.

"ఇప్పుడు కాదు" అని వస్తే, "చెప్పినందుకు థాంక్స్" అని ఒక్క లైను పంపి ఆపేయండి. "పోనీ ఐదు నిమిషాలైనా" అని బేరమాడకండి. నేను ఒకసారి కాదన్న పిల్లల్లో అలా హుందాగా ఊరుకున్న ఇద్దరికి, తీరిక దొరికాక నేనే ఫోన్ చేశాను.

మా చెల్లెలికి జవాబు ఆరో రోజు, సోమవారం రాత్రి వచ్చింది. "గురువారం 9కి ఓకే, ఒకవేళ మీటింగ్ పడితే శనివారం" అని. తను వెంటనే ఇలా పెట్టింది: "చాలా థాంక్స్ అండి. నవంబరు 13 గురువారం రాత్రి 9 గంటలకు ఈ నంబరు నుంచి నేనే ఫోన్ చేస్తాను. మీటింగ్ ఉంటే ఫోన్ ఎత్తకపోయినా ఫర్వాలేదు, శనివారం పొద్దున 10కి చేస్తాను." ఎవరు చేయాలి, ఏ నంబరు, తప్పితే ఏంటి, అన్నీ అందులో ఉన్నాయి. గురువారం ఆయనకు నిజంగానే మీటింగ్ పడింది. శనివారం పదికి మాట్లాడారు. ముందొచ్చిన డేటాను ముందే బయటికి పంపే ఫిఫో అనే చిన్న సర్క్యూట్ ఒకటి తీసుకుని, దాన్ని పరీక్షించే కోడ్, అంటే టెస్ట్‌బెంచ్ రాసి EDA Playground అనే వెబ్‌సైట్‌లో నడిపి చూడు, అది బ్రౌజర్‌లోనే నడుస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తప్పు ఎక్కడుందో వెతుక్కుంటూ వారం కూర్చోగలిగితే ఈ పని నీకు పడుతుంది అన్నాడట. పద్నాలుగో నిమిషంలో తనే "మీరిచ్చిన టైము అయిపోవచ్చింది" అంటే, ఆయన "ఇంకో ప్రశ్న ఉంటే అడుగమ్మా" అన్నాడట.